భాగం 9: ఒక మచ్చతో మొదలై ఒళ్లంతా పాకే దద్దు – పిటిరియాసిస్ రోజియా, దానిని పోలిన ఇతర వ్యాధులు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పిటిరియాసిస్ రోజియా ఏ వరుసలో మొదలై, పాకి, తగ్గుతుందో వివరించగలుగుతారు.
• తామర, సిఫిలిస్ దద్దు, శోభి, కుష్ఠు మచ్చల నుండి దానిని ఏ గుర్తులతో వేరు చేస్తారో చెప్పగలుగుతారు.
• ఒక్క ఫోటో చూసి వ్యాధిని నిర్ధారించడం ఎందుకు పొరపాటో, ఏ రెండు పరీక్షలు ఆ పొరపాటును సరిదిద్దుతాయో తెలుసుకుంటారు.

9.1 పరిచయం

గత భాగంలో చర్మం పొరల గురించి, చర్మంపై వచ్చే మచ్చ, పొక్కు, పొలుసు అనే మూడు రకాల మార్పుల గురించి చదివారు. ఈ భాగంలో ఒకే ఒక్క వ్యాధిని తీసుకుని వివరంగా పరిశీలిద్దాం. దాని పేరు పిటిరియాసిస్ రోజియా. ఈ పేరును 1860లో ఫ్రెంచి వైద్యుడు కమీల్ గిబెర్ పెట్టాడు. గ్రీకు భాషలో 'పిటిరాన్' అంటే తవుడు. మచ్చపై తవుడులాంటి సన్నని పొట్టు రాలుతుంది కాబట్టి పిటిరియాసిస్. తెల్లని చర్మంపై గులాబీ రంగులో కనబడుతుంది కాబట్టి రోజియా.

పేరులోని రెండో సగం మనవారికి అంతగా సరిపోదు. మన చర్మంపై ఈ మచ్చలు గులాబీ రంగులో కాక గోధుమ, ఊదా, ఒక్కోసారి బూడిద రంగులో కనిపిస్తాయి. చాలా పుస్తకాలలోని ఫోటోలు యూరప్ రోగులవి. వాటిని చూసి మన రోగిలో గులాబీ రంగు కోసం వెతికితే వ్యాధి కళ్ల ముందే ఉన్నా గుర్తించలేం. అందువల్ల ఈ పాఠంలో రంగుకు చివరి స్థానం ఇస్తున్నాం. మచ్చలు వచ్చిన వరుస, పొలుసు అంచు, మచ్చలు ఉన్న చోట్లు, లేని చోట్లు – వీటికే ప్రాధాన్యం.

ఈ వ్యాధి ఎక్కువగా 10 నుండి 35 ఏళ్ల వయసువారిలో వస్తుంది. దానంతట అదే తగ్గిపోతుంది. మరి దీనికి ఒక పాఠం ఎందుకని మీరు అడగవచ్చు. దీనిలాగే కనిపించే మరికొన్ని వ్యాధులు దానంతట అవి తగ్గవు. వాటిలో ఒకటి పైకి తగ్గినట్లు కనిపించి లోపలే ఉండిపోతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

9.2 ఒక ఉదాహరణ: బన్సీలాల్‌పేట్ విద్యార్థిని, ఐదు ఫోటోలు

ఇది బోధన కోసం కూర్చిన ఉదాహరణ. ఏ ఒక్క వ్యక్తి కథా కాదు. కాని ఇందులోని ప్రతి మలుపూ చర్మవ్యాధుల విభాగాలలో తరచుగా చూసేదే.

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌లో, 2022లో పునరుద్ధరించిన పాత మెట్లబావికి దగ్గరలో ఒక కుటుంబం ఉంటుంది. ఆ ఇంటి అమ్మాయికి 21 ఏళ్లు. పగలు బట్టల దుకాణంలో పని చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. జులై 3న స్నానం చేస్తుండగా కుడివైపు పక్కటెముకల మీద ఒక మచ్చ కనిపించింది. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

మొదటి ఫోటో (జులై 3): అండాకారంలో ఒకే మచ్చ. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. అంచు కొద్దిగా ఉబ్బి, మధ్యలో చర్మం ముడతపడిన కాగితంలా ఉంది. తల్లి చూసి, "ఏం కాదు బిడ్డా, తామరే. వానలకు అందరికీ వస్తది" అంది. వీధి చివర మెడికల్ షాపులో మచ్చ గురించి చెబితే ఒక ట్యూబు ఇచ్చారు. అందులో క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉన్నాయి.

రెండో ఫోటో (జులై 6): మూడు రోజులు ట్యూబు రాసిన తరువాత తీసింది. ఎరుపు తగ్గింది, పొలుసు కనబడడం లేదు. మందు పని చేసిందని ఇంట్లో అందరూ అనుకున్నారు.

మూడో ఫోటో (జులై 13): పాత మచ్చ అలాగే ఉంది. ఛాతీ మీద, వీపు మీద చిన్న చిన్న అండాకారపు మచ్చలు పన్నెండు పదిహేను వచ్చాయి. ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుండి ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు ఉంది. తామర పాకుతోందనుకుని కొత్త మచ్చలలో కొన్నింటికి కూడా అదే ట్యూబు రాశారు.

నాలుగో ఫోటో (జులై 20): వీపంతా మచ్చలే. పొట్ట మీద, భుజాల మీద, తొడల పైభాగంలో కూడా ఉన్నాయి. ముఖం మీద లేవు. రాత్రిపూట దురద. బోనాల రోజులు కావడంతో పక్కింటి పెద్దావిడ, "అమ్మవారు పోసినట్టుంది, వేపమండలు పెట్టండి" అని సలహా ఇచ్చింది. అమ్మాయి పని మానేసి ఇంట్లోనే ఉండిపోయింది. మరునాడు తల్లీకూతుళ్లు ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికి వెళ్లి చర్మవ్యాధుల విభాగంలో ఓపీ చీటీ తీసుకున్నారు.

ఐదో ఫోటో గురించి ఈ భాగం చివర చూద్దాం.

ఈ నాలుగు ఫోటోలలో ఏ ఒక్కదానినైనా విడిగా చూపితే ఏం చెబుతారో ఆలోచించండి. మొదటిది చూస్తే తామర అంటారు. రెండోది చూస్తే తగ్గిపోయిన తామర అంటారు. మూడోది చూస్తే మందులు పడక వచ్చిన దద్దు అనవచ్చు. నాలుగోది చూస్తే సోరియాసిస్ అనో, సిఫిలిస్ అనో అనవచ్చు. నాలుగింటినీ తేదీల వరుసలో పక్కపక్కన పెడితే మాత్రం ఒక మచ్చ, పది రోజుల విరామం, తరువాత ఒళ్లంతా చిన్న మచ్చలు అనే క్రమం కనిపిస్తుంది. ఈ క్రమమే పిటిరియాసిస్ రోజియాకు ఉన్న అతి ముఖ్యమైన గుర్తు.

9.3 తల్లి మచ్చ, పిల్ల మచ్చలు

మొదట వచ్చే పెద్ద మచ్చను ఆంగ్లంలో దండోరా వేసేవాడితో పోల్చి హెరాల్డ్ ప్యాచ్ అంటారు. తల్లి మచ్చ అనే పేరు కూడా ఉంది. మనం ఈ రెండో పేరునే వాడుకుందాం. ఇది సాధారణంగా 2 నుండి 5 సెంటీమీటర్లు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా పెద్దది. ఎక్కువగా ఛాతీ, పొట్ట, వీపు, మెడలలో ఎక్కడో ఒకచోట వస్తుంది. అది వచ్చిన కొద్ది రోజుల నుండి రెండు మూడు వారాల లోపు పిల్ల మచ్చలు మొదలవుతాయి. మన ఉదాహరణలో ఆ విరామం పది రోజులు. పిల్ల మచ్చలు ఒకటి రెండు వారాల పాటు కొత్తవి వస్తూ ఉండి, ఆ తరువాత ఆగిపోతాయి. మొత్తం వ్యాధి సుమారు 6 నుండి 8 వారాలలో ముగుస్తుంది. కొందరిలో మూడు నెలల వరకు పడుతుంది.

క్రమం తరువాత చూడవలసినది పొలుసు. పిల్ల మచ్చ మీద పొలుసు మచ్చ అంచున ఉండదు, అంచుకు కాస్త లోపల ఉంగరంలా ఉంటుంది. ఆ ఉంగరం బయటి వైపున చర్మానికి అతుక్కుని, మధ్య వైపున లేచి ఉంటుంది. మచ్చకు అడ్డంగా చర్మాన్ని కొద్దిగా సాగదీస్తే, గుమ్మానికి వేలాడే పరదాలా ఆ పొలుసు మడత పడడం కనిపిస్తుంది. ఫోటోలో దీనిని చూడాలంటే వెలుతురు పక్క నుండి పడాలి. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే పొలుసు మాయమవుతుంది.

మూడోది మచ్చల అమరిక. అండాకారపు మచ్చ పొడవు ఏ వైపు ఉందో గమనించండి. మన చర్మానికి కొన్ని సహజమైన సాగుడు గీతలు ఉంటాయి. వీపు మీద ఆ గీతలు వెన్నెముక నుండి రెండు పక్కలకూ ఏటవాలుగా దిగుతాయి. పిల్ల మచ్చలు తమ పొడవును ఆ గీతల వెంటే ఉంచుకుంటాయి. పాశ్చాత్య పుస్తకాలలో దీనిని క్రిస్మస్ చెట్టు ఆకారం అంటారు. పెంకుటింటి నడి దూలం నుండి రెండు వైపులా వాలుగా దిగే వాసాలను ఊహించుకుంటే మనకు ఇంకా సులభం. ఈ అమరిక వీపు మొత్తం ఒకే ఫోటోలో పడితేనే తెలుస్తుంది, ఒక్కో మచ్చను దగ్గరగా తీస్తే తెలియదు.

ఈ వ్యాధి ఎందుకు వస్తుంది? మానవ హెర్పిస్ వైరస్‌లలో 6, 7 రకాలు దీనికి కారణం కావచ్చని బలమైన ఆధారాలు ఉన్నాయి, అయితే చివరి నిర్ధారణ ఇంకా జరగలేదు. ఈ వైరస్‌లు దాదాపు అందరికీ చిన్నతనంలోనే సోకి, శరీరంలో నిద్రాణంగా ఉండిపోతాయి. ఎప్పుడో మళ్లీ మేల్కొన్నప్పుడు ఈ దద్దు వస్తుందని భావిస్తున్నారు. దద్దుకు ముందు కొందరిలో గొంతునొప్పి, తలనొప్పి, కొద్దిపాటి జ్వరం ఉండడం ఈ ఆలోచనకు సరిపోతుంది. పేరులో హెర్పిస్ ఉన్నంత మాత్రాన ఇది సుఖవ్యాధి కాదు. ఇంట్లో పక్క బట్టలు వేరు చేయనక్కరలేదు, పని మానేయనక్కరలేదు.

అందరిలోనూ ఈ వ్యాధి ఇంత పద్ధతిగా రాదని కూడా గుర్తుంచుకోండి. కొందరిలో తల్లి మచ్చ ఉండదు, లేదా వీపు మీద వచ్చి ఎవరూ గమనించరు. కొందరిలో, ముఖ్యంగా నల్లని చర్మం ఉన్న పిల్లలలో, మచ్చలకు బదులు చిన్న పొక్కులు వస్తాయి. చంకలు, గజ్జలు, ముఖం మీద కూడా రావచ్చు. క్రమం స్పష్టంగా లేనప్పుడు పరీక్షల అవసరం ఇంకా పెరుగుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
గమనిక: సమాధానాన్ని మీ నోటుపుస్తకంలో రాసి, భాగం చివరనున్న సమాధానంతో పోల్చుకోండి.
ప్రశ్న: రెండో ఫోటోలో మచ్చ తగ్గినట్లు కనిపించడానికి కారణం ఏమిటి?

9.4 తామరతో పోలిక

తల్లి మచ్చను తామర అనుకోవడం తప్పేమీ కాదు. మొదటి రోజున రెండూ చాలా దగ్గరగా ఉంటాయి, ఎంతో అనుభవం ఉన్నవారు కూడా పొరబడతారు. తేడా తెలుసుకోవడానికి అంచును చూడాలి. తామరలో ఫంగస్ మధ్య నుండి బయటికి పెరుగుతూ పోతుంది. అందువల్ల బయటి అంచు మీదే ఎరుపు, చిన్న పొక్కులు, పొలుసు ఎక్కువగా ఉంటాయి, మధ్య భాగం తేటపడుతుంది. మచ్చ రోజురోజుకూ వెడల్పవుతుంది. గజ్జలు, నడుము చుట్టూ ఉన్న చెమట పట్టే చోట్లలో ఎక్కువ. ఇంట్లో మరొకరికి కూడా ఉండడం సాధారణం. పది రోజుల తరువాత ఒక్కసారిగా వీపంతా సమానమైన చిన్న మచ్చలు రావడం తామర నడక కాదు.

కంటికి తేలకపోతే సూక్ష్మదర్శిని తేలుస్తుంది. సూక్ష్మజీవశాస్త్రం బోధించినంత కాలం ఈ పరీక్షను ప్రతి సంవత్సరం విద్యార్థులతో చేయించాను, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మచ్చను స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి. మొద్దు బ్లేడుతో అంచు నుండి పొట్టును నెమ్మదిగా గీకి గాజు పలక మీదికి తీసుకోవాలి. దానిపై 10 నుండి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒకటి రెండు చుక్కలు వేసి, కవర్‌స్లిప్ కప్పి, పది ఇరవై నిమిషాలు ఆగాలి. క్షారం చర్మకణాలను కరిగించి తేటగా చేస్తుంది. ఫంగస్ గోడ మాత్రం కరగదు. మొదట తక్కువ వెలుతురులో 10 రెట్ల వస్తుకటకంతో, తరువాత 40 రెట్ల వస్తుకటకంతో చూడాలి. ఫంగస్ ఉంటే రంగు లేని సన్నని దారాలు, ఒకే వెడల్పుతో, మధ్య మధ్య అడ్డుగోడలతో, కొమ్మలు వేస్తూ కణాలను దాటుకుంటూ పోవడం కనిపిస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. కణాల అంచులు వరుసగా కలిసి దారంలా కనిపించవచ్చు. అటువంటి గీత కణం ఆకారాన్నే అనుసరిస్తూ వంకరలు పోతుంది, నిజమైన ఫంగస్ దారం కణాలకు అడ్డంగా దాటిపోతుంది. రెండో పొరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. ఫంగస్ మందు కలిసిన ట్యూబు రాసిన మచ్చ నుండి పొట్టు తీస్తే, ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు. అందువల్ల ఏ మచ్చకు ఏం రాశారో అడిగి తెలుసుకుని, మందు తగలని మచ్చ నుండి కూడా పొట్టు తీయాలి.

స్టెరాయిడ్ కలిసిన ట్యూబు గురించి ఒక మాట. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణచివేస్తుంది. కారణాన్ని తొలగించదు. మచ్చ నిజంగా తామర అయితే స్టెరాయిడ్ చాటున ఫంగస్ ఇంకా పాకుతుంది, గుర్తుపట్టలేని రూపంలోకి మారుతుంది. మానేయగానే రెట్టింపుగా తిరిగి వస్తుంది. చాలా రోజులు రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు పోవు. మన దేశంలో మందులకు లొంగని తామర పెరగడానికి ఇటువంటి ట్యూబుల విచ్చలవిడి వాడకం ఒక కారణమని చర్మవైద్యులు హెచ్చరిస్తున్నారు.

9.5 తప్పిపోకూడని వ్యాధి: సిఫిలిస్ రెండో దశ

మన ఆసుపత్రులలో చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు ఈ మూడింటినీ ఒకే విభాగంలో చూస్తారు. ఆ విభాగం చీటీ చేతికి రాగానే కొందరు సిగ్గుపడి వెనక్కి తిరిగిపోతారు. ఈ మూడూ ఒకచోట ఉండడానికి బలమైన కారణం ఉంది. మూడూ చర్మం మీద ఒకదానినొకటి అనుకరిస్తాయి.

సిఫిలిస్ బాక్టీరియా సోకిన మూడు వారాల ప్రాంతంలో జననాంగాల దగ్గర నొప్పి లేని పుండు వస్తుంది. నొప్పి లేకపోవడం వల్ల, స్త్రీలలో లోపలివైపు ఉండడం వల్ల అది చాలాసార్లు తెలియకుండానే మానిపోతుంది. ఆ తరువాత కొన్ని వారాలకు ఒంటి మీద దద్దు వస్తుంది. ఇదే రెండో దశ. ఛాతీ, వీపు మీద వచ్చే ఈ మచ్చలు పిటిరియాసిస్ రోజియాను అచ్చు గుద్దినట్లు పోలి ఉండవచ్చు.

తేడాలు ఉన్నాయి. సిఫిలిస్‌లో తల్లి మచ్చ ఉండదు. దురద సాధారణంగా ఉండదు. అరచేతులు, అరికాళ్ల మీద రాగి రంగు మచ్చలు రావడం దీని ప్రత్యేకత, పిటిరియాసిస్ రోజియా ఆ చోట్లకు దాదాపు రాదు. నోటిలో తెల్లని పొరలాంటి పుండ్లు, మెడలో, చంకలో, గజ్జలలో బిళ్లలు, తలపై పురుగు కొరికినట్లు అక్కడక్కడ జుట్టు ఊడడం కూడా చూడాలి. కాబట్టి ఒంటి మీద దద్దుతో వచ్చిన ప్రతి ఒక్కరి అరచేతులు, అరికాళ్లు, నోరు తప్పక చూడాలి. మన విద్యార్థిని తీసిన నాలుగు ఫోటోలలో ఒక్కదానిలోనూ ఈ మూడు చోట్లు లేవు. ఫోటోలకు ఇది సహజమైన లోపం. మచ్చ ఉన్నచోటే ఫోటో తీస్తాం, మచ్చ లేని చోటును ఎవరూ తీయరు. రోగనిర్ధారణకు మచ్చ లేని చోటు కూడా అంతే అవసరం.

ఇక్కడే 9.1లో చెప్పిన చిక్కు ఎదురవుతుంది. సిఫిలిస్ రెండో దశ దద్దు కూడా, ఏ మందూ వాడకపోయినా, కొన్ని వారాలలో మాయమవుతుంది. పిటిరియాసిస్ రోజియా పోతే పూర్తిగా పోయినట్లే. సిఫిలిస్ దద్దు పోయినా బాక్టీరియా రక్తంలో, అవయవాలలో ఉంటుంది. ఏళ్ల తరువాత గుండె రక్తనాళాలను, మెదడును దెబ్బతీయవచ్చు. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకు సోకి, గర్భస్రావం, మృతశిశు జననం జరగవచ్చు. అందువల్ల "మచ్చలు వాటంతట అవే తగ్గాయి, కాబట్టి పిటిరియాసిస్ రోజియానే" అనే వాదన చెల్లదు. తగ్గడం రెండింటికీ సమానం.

దీనిని తేల్చేది చిన్న రక్తపరీక్ష. పేరు ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్. ప్రభుత్వ ఆసుపత్రులలో చేస్తారు. పాజిటివ్ వస్తే టీపీహెచ్‌ఏ వంటి మరో పరీక్షతో నిర్ధారిస్తారు, ఎందుకంటే మొదటి పరీక్ష కొన్ని ఇతర వ్యాధులలో, గర్భంతో ఉన్నప్పుడు కూడా పొరపాటున పాజిటివ్ రావచ్చు. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. రెండో దశలో ప్రతిదేహకాలు మరీ ఎక్కువగా ఉండడం వల్ల పరీక్షలో గుంపులు కట్టక నెగటివ్‌గా కనిపించవచ్చు. అనుమానం బలంగా ఉంటే సీరంను పలుచన చేసి మళ్లీ చూడమని ప్రయోగశాలను అడుగుతారు. నిర్ధారణ అయితే తొలి దశలలో వైద్యం సులభం: బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, కండరంలోకి, ఒక్క మోతాదు. ఇది వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వవలసిన మందు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
ప్రశ్న: ఒంటి మీద దద్దుతో వచ్చిన వ్యక్తిలో మచ్చలు ఉన్నా లేకపోయినా తప్పక చూడవలసిన చోట్లు ఏవి? ఎందుకు?

9.6 పోలిక గల మరికొన్ని

శోభి: దీని శాస్త్రీయ నామం పిటిరియాసిస్ వర్సికలర్. పేరులో పిటిరియాసిస్ ఉన్నందువల్ల విద్యార్థులు పరీక్షలో రెండింటినీ కలిపేస్తుంటారు. ఇది మలసీజియా అనే ఈస్టు వల్ల వస్తుంది. ఛాతీ, వీపు, భుజాల మీద తెలుపు లేదా లేత గోధుమ రంగు మచ్చలు, గోటితో గీస్తే పొడిలా పొట్టు. తల్లి మచ్చ లేదు, నెలల తరబడి ఉంటుంది, ప్రతి వేసవిలో తిరిగి వస్తుంది.

గట్టేట్ సోరియాసిస్: గొంతునొప్పి వచ్చిన ఒకటి నుండి మూడు వారాలకు, ముఖ్యంగా పిల్లలలో, యువతలో చినుకులు పడినట్లు చిన్న మచ్చలు వస్తాయి. పొలుసు వెండి రంగులో మచ్చ మొత్తాన్నీ కప్పుతుంది. పిటిరియాసిస్ రోజియాలోలా అంచుకు లోపల ఉంగరంగా ఉండదు.

ఆటలమ్మ: మనవారు అమ్మవారు అనేది ఇదే. ఇందులో నీరు నిండిన పొక్కులు ఉంటాయి, జ్వరం ఉంటుంది, ముఖం మీద, తలలో కూడా వస్తాయి. పిటిరియాసిస్ రోజియాలో నీటి పొక్కులు సాధారణంగా ఉండవు.

మందుల వల్ల దద్దు: క్యాప్టోప్రిల్ వంటి బీపీ మందులు, మరికొన్ని మందులు ఇటువంటి దద్దునే తెప్పించగలవు. తల్లి మచ్చ సాధారణంగా ఉండదు, దురద ఎక్కువ. కాబట్టి గత కొన్ని వారాలలో కొత్తగా మొదలుపెట్టిన మందుల జాబితా అడగాలి.

కుష్ఠు: ఇది ఒళ్లంతా పది రోజులలో పాకదు. కాని తల్లి మచ్చ ఒక్కటే ఉన్న దశలో దీనిని గుర్తు చేసుకోవాలి. కుష్ఠు మచ్చ పాలిపోయి లేదా ఎర్రగా ఉంటుంది, దురద పెట్టదు, నెలల తరబడి కదలకుండా ఉంటుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. రోగిని కళ్లు మూసుకోమని, సన్నగా తీసిన దూది కొసతో మచ్చను, పక్కనున్న మామూలు చర్మాన్ని మార్చి మార్చి తాకి, తాకినచోట వేలు పెట్టమనాలి. మచ్చ మీద తాకినప్పుడు తెలియకపోతే అది పిటిరియాసిస్ రోజియా కాదు. కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం.

9.7 ఉదాహరణకు ముగింపు

జులై 21న వైద్యురాలు ముందుగా నాలుగు ఫోటోలనూ తేదీల వరుసలో చూశారు. తరువాత వాడిన ట్యూబు పెట్టెను చూపించమన్నారు. కిటికీ వెలుతురులో వీపు, ఛాతీ, అరచేతులు, అరికాళ్లు, నోరు పరీక్షించారు. పొలుసు ఉంగరం కొత్త మచ్చలలో స్పష్టంగా ఉంది. అరచేతులు, అరికాళ్లు, నోరు శుభ్రంగా ఉన్నాయి. దూది కొస తాకడం అన్ని చోట్లా తెలిసింది.

ఆ తరువాత తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, "అమ్మా, ఇవి నేను ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్నలు. నువ్వు చెప్పింది ఈ గది దాటి పోదు" అంటూ నెలసరి తేదీ, గర్భం వచ్చే అవకాశం, శారీరక సంబంధాల గురించి అడిగారు. "మేడం, అమ్మకు చెప్పరు కదా?" అని అమ్మాయి అడిగింది. చెప్పనన్నారు. ఆమె ఇచ్చిన జవాబు ఈ పాఠానికి అవసరం లేదు. ఆ ప్రశ్న ఒంటరిగా, మర్యాదగా అడిగారన్నదే మీరు గమనించవలసినది. తల్లి ఎదుట అడిగి ఉంటే నిజమైన జవాబు వచ్చేది కాదు.

గర్భం గురించిన ప్రశ్నకు ప్రత్యేక కారణం ఉంది. గర్భం మొదటి 15 వారాలలో పిటిరియాసిస్ రోజియా వస్తే గర్భస్రావం ప్రమాదం పెరగవచ్చని కొన్ని పరిశీలనలు సూచించాయి. గర్భిణికి ఈ దద్దు వస్తే "అదే తగ్గుతుంది" అని ఇంట్లో కూర్చోకుండా ప్రసూతి వైద్యులకు తప్పక చూపించాలి.

ట్యూబు రాసిన తల్లి మచ్చ నుండి, మందు తగలని కొత్త మచ్చ నుండి పొట్టు తీసి పరీక్షిస్తే ఫంగస్ దారాలు కనిపించలేదు. ఆర్‌పీఆర్ నెగటివ్. వ్యాధి పిటిరియాసిస్ రోజియా అని నిర్ధారించి ట్యూబును మాన్పించారు. గోరువెచ్చని నీటితో స్నానం, ఘాటైన సబ్బు వద్దని, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె గాని మాయిశ్చరైజర్ గాని రాసుకోమని చెప్పారు. దురదకు రాత్రిపూట సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. పనికి వెళ్లవచ్చన్నారు. దద్దు విపరీతంగా ఉన్న కొందరికి వైద్యులు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు లేదా అతినీలలోహిత కిరణాల చికిత్స ఇస్తారు, ఈమెకు ఆ అవసరం కలగలేదు.

ఐదో ఫోటో (ఆగస్టు 28): మొదటి ఫోటోకు సరిగ్గా ఎనిమిది వారాలు. పొలుసు లేదు, దురద లేదు. మచ్చలున్న చోట లేత గోధుమ రంగు మరకలు మిగిలాయి. ఇవి వ్యాధి కాదు, వాపు తగ్గాక చర్మంలో మిగిలిన రంగు. మన చర్మంలో ఇవి పోవడానికి కొన్ని నెలలు పడుతుంది. వీటిని పోగొట్టాలని మళ్లీ స్టెరాయిడ్ లేదా తెల్లబరిచే క్రీములు రాయడం కొత్త సమస్యను తెచ్చుకోవడమే. మూడు నెలలు దాటినా పొలుసుతో కొత్త మచ్చలు వస్తూనే ఉంటే మాత్రం నిర్ధారణను తిరిగి పరిశీలించాలి, అవసరమైతే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

9.8 ఫోటోలు ఎలా తీయాలి?

ఫోటో వైద్యునికి బదులు కాదు, కాని తేదీల వరుసను భద్రపరచే మంచి సాధనం. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, అందంగా చూపే ఫిల్టర్లు తీసేసి తీయాలి. ప్రతిసారీ మూడు ఫోటోలు చాలు: వీపు లేదా ఛాతీ మొత్తం ఒకటి, ఒక మచ్చకు దగ్గరగా స్కేలు పెట్టి ఒకటి, అరచేతులు, అరికాళ్లు కలిపి ఒకటి. దగ్గరి ఫోటోకు కిటికీ వెలుతురు పక్క నుండి పడాలి. ఏ మందైనా రాసే ముందే తీయాలి. మందు మొదలుపెట్టిన తేదీ రాసి ఉంచాలి. ముఖం పడకుండా చూసుకోవాలి, వాటిని చూపవలసినవారికి తప్ప ఎవరికీ పంపకూడదు.

9.9 సారాంశం

పిటిరియాసిస్ రోజియాను పట్టించేది ఒక్క మచ్చ రూపం కాదు, మచ్చలు వచ్చిన వరుస. ఒక అండాకారపు తల్లి మచ్చ, కొన్ని రోజుల విరామం, ఆపై సాగుడు గీతల వెంట పిల్ల మచ్చలు, వాటిలో అంచుకు లోపల పొలుసు ఉంగరం. తామర అనుమానాన్ని పొట్టు పరీక్ష, సిఫిలిస్ అనుమానాన్ని రక్తపరీక్ష తీరుస్తాయి. దద్దు దానంతట అదే తగ్గడం ఏ వ్యాధో చెప్పదు. ఏ మచ్చో తెలియకముందే స్టెరాయిడ్ ట్యూబు రాస్తే తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

9.10 మీ అవగాహనను పరీక్షించుకోండి – సమాధానాలు

1. ట్యూబులోని క్లోబెటసాల్ ఎరుపును, పొలుసును తాత్కాలికంగా అణచివేసింది. మచ్చకు కారణం తొలగలేదు. అందుకే మచ్చ అలాగే ఉండి, వారంలో కొత్తవి వచ్చాయి.
2. అరచేతులు, అరికాళ్లు, నోరు. పిటిరియాసిస్ రోజియా ఆ చోట్లకు దాదాపు రాదు, సిఫిలిస్ రెండో దశ వస్తుంది. అక్కడ మచ్చలు లేకపోయినా రక్తపరీక్ష అవసరం తొలగిపోదు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పిటిరియాసిస్ రోజియా క్రమాన్ని, లక్షణాలను వివరించి, తామర నుండి దానిని వేరు చేసే విధానాన్ని రాయండి.
2. "దద్దు దానంతట అదే తగ్గితే భయం లేదు" అనే అభిప్రాయాన్ని సిఫిలిస్ రెండో దశ ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్షలో జరిగే రెండు పొరపాట్లు ఏవి?
2. ఒకే మచ్చ ఉన్న దశలో కుష్ఠును ఎలా పరీక్షిస్తారు?
3. గర్భిణికి పిటిరియాసిస్ రోజియా వస్తే ఏం చేయాలి? ఎందుకు?